ఒక కస్టమర్ కోసం ఎంత ఖర్చు పెట్టొచ్చు? పచ్చళ్ళ షాపు లెక్కతో చూద్దాం

[స్క్రీన్ మీద: ఆవకాయ జాడీ, పక్కన ఫోన్‌లో యాడ్స్ డాష్‌బోర్డు]

నమస్తే అండి. గుంటూరులో ఒక అక్క ఆన్‌లైన్‌లో పచ్చళ్ళు అమ్ముతోంది అనుకుందాం. నిరుడు యాడ్స్ మీద 2,74,000 రూపాయలు పెట్టింది. కొత్తగా 1,000 మంది కస్టమర్లు వచ్చారు. అంటే ఒక్కొక్కరికి 274 రూపాయలు పడింది. మార్కెటింగ్ వాళ్ళు దీన్ని సీఏసీ అంటారు. ఈ ఏడాది బడ్జెట్ పెంచాలా, తగ్గించాలా అన్నది అక్క టెన్షన్.

అంకెలన్నీ నేను ఉదాహరణ కోసం వేసుకున్నవే. మీ షాపు అంకెలు మీవి పెట్టుకోండి, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

[స్క్రీన్ మీద: 900 రూపాయల బిల్లు, ఒక్కో ఖర్చూ తీసేస్తూ]

ముందు ఒక ఆర్డరు మీద ఏం మిగులుతుందో చూద్దాం. జీఎస్టీ పోగా సగటు ఆర్డరు 900. మామిడికాయ, కారం, నూనె, కూలి కలిపి 380. జాడీ, ప్యాకింగ్ 60. కొరియర్ 130. పేమెంట్ గేట్‌వే వాళ్ళు పట్టుకునేది 18. దారిలో పగిలిన జాడీలకు బదులు పంపే ఖర్చు సగటున 12. ఇవన్నీ పోతే మిగిలేది 300.

కస్టమర్ విలువ, అంటే ఎల్‌టీవీ, ఈ 300తో లెక్కకట్టాలి, 900తో కాదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను బిల్లు మొత్తంతోనే లెక్కవేసి, మా బాస్‌కి చాలా ధీమాగా చూపించాను. ఆయన ఒకటే అడిగారు, "ఇందులో కొరియర్ వాడి డబ్బులు కూడా మనవేనా?" అని.

మరి ఒక కస్టమర్ ఎన్నిసార్లు కొంటాడు? సగటు తీస్తే తేలిపోతుంది కదా అనిపిస్తుంది. తీద్దాం. ఏడాది కాలంలో ఈ 1,000 మంది ఒక్కొక్కరి మీద అక్కకు మిగిలింది సగటున 283 రూపాయలు. పెట్టింది 274. తొమ్మిది రూపాయల లాభం. బాగానే ఉంది, ఇలాగే కానిద్దాం అనుకుంటుంది అక్క.

అసలు సంగతి ఆ సగటు కింద దాగి ఉంది.

[స్క్రీన్ మీద: వెయ్యి మంది బొమ్మలు రెండు గుంపులుగా విడిపోతాయి]

ఈ వెయ్యి మందీ ఒకేసారి వచ్చినవాళ్ళు కాదు. 400 మంది ఎండాకాలంలో, కొత్త ఆవకాయ యాడ్ చూసి వచ్చారు. 600 మంది దీపావళికి పెట్టిన 30 శాతం డిస్కౌంట్ యాడ్ చూసి వచ్చారు. ఒకే కాలంలో, ఒకే దారిన వచ్చినవాళ్ళ గుంపును కోహార్ట్ అంటారు. పెళ్ళికి వచ్చిన బస్సులు అనుకోండి. ఏ బస్సులో ఎవరొచ్చారో రాసిపెట్టుకుంటే, భోజనాల దగ్గర ఎవరు మిగిలారో బస్సు వారీగా చెప్పొచ్చు.

ఇప్పుడు ఒక్కో గుంపునూ మొదటి ఆర్డరు రోజు నుంచి 90 రోజుల ముక్కలుగా చూద్దాం. పచ్చడి జాడీ ఖాళీ అవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే 90 రోజులు. నెలనెలా చూస్తే అందరూ మనల్ని వదిలేసినట్టే కనిపిస్తారు. రోజూ పాలు పోసే వ్యాపారమైతే వారం చాలు.

[స్క్రీన్ మీద: రెండు వరుసల పట్టిక, గడులు ఒక్కొక్కటే నిండుతాయి]

ఆవకాయ గుంపులో ప్రతి 100 మందికి, మొదటి 90 రోజుల్లో మళ్ళీ వచ్చిన ఆర్డర్లు 35. తర్వాత 22, ఆ తర్వాత 16, చివరి ముక్కలో 12. మొత్తం 85. మొదటి 100 ఆర్డర్లు కలిపితే 185. ఒక్కో ఆర్డరుకు 300 చొప్పున, ఒక మనిషి మీద ఏడాదిలో మిగిలేది 555 రూపాయలు.

దీపావళి గుంపులో 10, 6, 5, 3. మొత్తం 24. పైగా వీళ్ళ మొదటి ఆర్డరులో 270 రూపాయలు డిస్కౌంట్‌కే పోయాయి కాబట్టి అందులో మిగిలింది 30. తర్వాతి ఆర్డర్ల నుంచి మనిషికి 72. మొత్తం 102 రూపాయలు.

యాడ్ ఖర్చు కూడా విడివిడిగా పెడదాం. ఆవకాయ కస్టమర్ 310కి వచ్చాడు, దీపావళి కస్టమర్ 250కే వచ్చాడు. డాష్‌బోర్డులో దీపావళి యాడే పచ్చగా, చవగ్గా కనిపించింది! నిజానికి ఆవకాయ గుంపు మీద మనిషికి 245 చొప్పున 98,000 వచ్చాయి. దీపావళి గుంపు మీద మనిషికి 148 చొప్పున 88,800 పోయాయి. ఆ సగటు లాభం తొమ్మిది రూపాయలు ఇలా పుట్టిందే.

[స్క్రీన్ మీద: స్ప్రెడ్‌షీట్]

ఈ పట్టికకు సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఆర్డర్ల షీట్‌లో A కాలమ్‌లో ఫోన్ నంబరు, B లో ఆర్డరు తేదీ ఉంటే, D లో ఆ కస్టమర్ మొదటి తేదీ, E లో ఎన్నో 90 రోజుల ముక్కో వచ్చేస్తాయి.

```
D2: =MINIFS(B:B,A:A,A2)
E2: =IF(B2=D2,0,INT((B2-D2)/90)+1)
```

ఆ పైన పివట్ టేబుల్ వేస్తే చాలు. కష్టమంతా షీట్ శుభ్రంగా ఉంచడంలోనే ఉంది. క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా వెనక్కి పంపినవాళ్ళను యాడ్ డాష్‌బోర్డు కస్టమర్లుగానే లెక్కపెడుతుంది. మనం మాత్రం పార్సిల్ అందుకున్నవాళ్ళనే లెక్కపెట్టాలి, వెనక్కొచ్చిన పార్సిళ్ళ కొరియర్ ఖర్చు ఆ గుంపు మీదే వేయాలి. వాట్సాప్‌లో వచ్చే రెండో ఆర్డర్లు షీట్‌లోకి ఎక్కకపోతే, మంచి కస్టమర్లు కూడా వదిలేసినట్టు కనిపిస్తారు. ఎవరో చెబితే వచ్చినవాళ్ళను యాడ్ గుంపులో కలపకూడదు. వాళ్ళు ఎక్కువసార్లు కొంటే, ఆ పేరు యాడ్‌కు పోతుంది.

ఒక మాట. ఆవకాయ గుంపును ఏడాది దగ్గరే ఎందుకు ఆపాను, ఐదేళ్ళు లాగొచ్చు కదా అంటారేమో. చాలా పుస్తకాల్లో ఒక సూత్రం ఉంటుంది. ఒక కాలంలో వచ్చే మిగులును, ఆ కాలంలో వదిలేసేవాళ్ళ శాతంతో భాగించమంటుంది. అందరూ ఎప్పుడూ ఒకే వేగంతో వదిలేస్తారని దాని ఊహ. మన పట్టికలో అలా లేదు. మొదటి ఆర్డరు తర్వాత చాలామంది ఒకేసారి జారిపోయారు, ఆ తర్వాత జారుడు నెమ్మదించింది. మొదటి జారుడును పెట్టి భాగిస్తే విలువ మరీ తక్కువ వస్తుంది. మిగిలిన నమ్మకస్తులను చూసి భాగిస్తే ఆకాశంలోకి పోతుంది. నేనైతే చేతిలో ఉన్న పట్టిక ఎంతవరకు నిండిందో అంతవరకే నమ్ముతాను.

[స్క్రీన్ మీద: క్యాలెండర్‌లో ఏప్రిల్, మే]

సరే, ఆవకాయ కస్టమర్ విలువ 555 అని తెలిసింది. అయితే 550 దాకా పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఆ 555 ఏడాది పొడవునా చినుకుల్లా వస్తుంది. మొదటి ఆర్డరుతో 300, మూడు నెలలకు మొత్తం 405, ఆరు నెలలకు 471, తొమ్మిది నెలలకు 519. యాడ్ డబ్బు మాత్రం ఇవాళే పోతుంది. అది కూడా ఏప్రిల్, మే నెలల్లో, ఏడాదికి సరిపడా మామిడికాయ, కారం కొనాల్సిన రోజుల్లోనే. చేతిలో నగదు లేకపోతే కాగితం మీది విలువ కాయలు కొనిపెట్టదు. అందుకే అక్క, 90 రోజుల్లో తిరిగి వచ్చే మొత్తాన్నే హద్దుగా పెట్టుకుంది. అంటే 405లో షెడ్డు అద్దె, జీతాలకు కాస్త పక్కన పెట్టి, సుమారు 350. ఎల్‌టీవీ, సీఏసీకి మూడింతలుండాలని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అది నెలనెలా చందా కట్టించుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీల మధ్య వాడుకలోకి వచ్చిన కొలత. వాళ్ళకు కొరియర్ లేదు, జాడీ పగలదు.

[స్క్రీన్ మీద: ఖర్చు పెరిగేకొద్దీ వంగిపోయే గీత]

ఇంకో చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నిరుడు ఆవకాయ యాడ్‌కు 1,24,000 పెడితే 400 మంది వచ్చారు. ఈసారి 2,00,000 పెడితే 520 మంది వచ్చారనుకోండి. సగటు సీఏసీ 385. ఏడాది విలువ 555 కంటే తక్కువే కదా, లాభమే అనిపిస్తుంది. కానీ కొత్తగా పెట్టిన 76,000కు వచ్చింది 120 మందే. ఒక్కొక్కరికి 633! ఏడాదిలో 555 ఇచ్చేవాళ్ళను 633కి కొన్నాం. హద్దును ఎప్పుడూ చివర పెట్టిన డబ్బుతో పోల్చాలి, సగటుతో కాదు.

అమెరికాలో బ్లూ ఆప్రాన్ అని, వంటకు కావలసినవన్నీ కొలిచి డబ్బాలో ఇంటికి పంపే కంపెనీ ఉండేది. 2017 జూన్‌లో షేరు 10 డాలర్లకు మార్కెట్‌లోకి వచ్చింది. దాని పత్రాల్లో ఒక కస్టమర్‌ను తెచ్చుకోవడానికి అయిన ఖర్చు 94 డాలర్లని ఉంది. అది 2014 నుంచి 2017 మార్చి దాకా పెట్టిందంతా కలిపి తీసిన సగటు. డేనియల్ మెకార్తీ అనే మార్కెటింగ్ ప్రొఫెసర్ బయట ఉన్న అంకెలతోనే కోహార్టులు తిరిగి కట్టి చూశారు. కొత్త కస్టమర్ల ఖర్చు ఆ సగటును దాటిపోయిందని, ఎక్కువ మంది ఆరు నెలల్లోపే వదిలేస్తున్నారని ఆయన అంచనా. ఆ కంపెనీ కష్టాలకు వేరే కారణాలు కూడా ఉన్నాయి. 2023లో సుమారు 10.3 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

[స్క్రీన్ మీద: మళ్ళీ దీపావళి వరుస, పక్కన చిన్న పొడి సీసా]

ఇక దీపావళి మాట. పండగ యాడ్ మానేయమని నేను అనను. ఈసారి డిస్కౌంట్ తీసేసి, అందరికీ ఒక చిన్న సీసా కందిపొడి ఉచితంగా పెట్టమందాం. సీసాకు 60 రూపాయలు. అప్పుడు మొదటి ఆర్డరులో 240 మిగులుతుంది. డిస్కౌంట్ లేదు కాబట్టి యాడ్ ఖర్చు పెరిగి మనిషికి 340 అవుతుందనుకుందాం. లోటు 100 రూపాయలు. అది పూడాలంటే ఏడాదిలో ప్రతి 100 మంది నుంచి దాదాపు 33 ఆర్డర్లు మళ్ళీ రావాలి.

దానికోసం ఏడాది ఆగక్కర్లేదు. పాత పట్టిక చూడండి. ఆవకాయ గుంపులో 85కు 35, దీపావళి గుంపులో 24కు 10. రెండింట్లోనూ ఏడాదిలో మళ్ళీ వచ్చే ఆర్డర్లలో సుమారు 41 శాతం మొదటి 90 రోజుల్లోనే పడ్డాయి. 33లో 41 శాతం అంటే దాదాపు 14. కాబట్టి ముందు 300 మంది వచ్చేంతవరకే యాడ్ నడిపి ఆపేయాలి. వాళ్ళకు 90 రోజులు నిండాక, సంక్రాంతి దాటిన కొన్ని వారాలకు, షీట్ తెరవాలి. ఈ 300 మంది నుంచి మళ్ళీ వచ్చిన ఆర్డర్లు 42 ఉంటే అసలు తిరిగొచ్చే దారిలో ఉన్నట్టు. 30 దగ్గరే ఆగిపోతే, వచ్చే దీపావళికి ఆ డబ్బు కూడా ఏప్రిల్ యాడ్‌కో, మామిడికాయలకో పోతుంది.