నిధి చెక్కుచెదరలేదట!

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, కోశాధికారిగారికి, వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న ఇంకా పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నన్ను పొదుపు మెలకువల మీద మాట్లాడమన్నారు. కాగితం కూడా రాసుకొచ్చాను. అది జేబులోనే ఉంటుంది లెండి. ఎందుకంటే ఇందాక కోశాధికారిగారు నివేదిక చదువుతూ, "మన సహాయ నిధి పది లక్షలూ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో చెక్కుచెదరకుండా ఉంది, ఏటా వచ్చే వడ్డీ మాత్రమే ఖర్చు చేస్తున్నాం" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. పక్కనున్నాయన నా వైపు అదోలా చూశారు.

కోశాధికారిగారి నిజాయితీ మీద నాకు రవ్వంత అనుమానం లేదు. రూపాయి అటూ ఇటూ కాలేదు. నా పేచీ ఆయనతో కాదు, ఆ "చెక్కుచెదరలేదు" అన్న మాటతో.

నిధి పెట్టి పన్నెండేళ్లయింది. ఏడు శాతం వడ్డీ అనుకుందాం, ఏటా 70,000 వస్తుంది. మన నిధికి పన్ను లేదనే అనుకుందాం. మొదటి ఏడాది ఆ డబ్బుని ఏడుగురికి తలా పదివేలు ఇచ్చాం. ఈ ఏడాదీ ఏడుగురికి తలా పదివేలే ఇచ్చాం. పుస్తకంలో చూస్తే ఏ తేడా లేదు. కానీ ఈ పన్నెండేళ్లూ ధరలు సగటున ఏటా ఆరు శాతం పెరిగాయనుకోండి. ఒక ఏడాది పెరిగినదాని మీద మరుసటి ఏడాది మళ్లీ పెరుగుతుంది కాబట్టి పన్నెండేళ్లకి ధర రెట్టింపవుతుంది. అంటే అప్పట్లో పదివేలతో తీరిన అవసరానికి ఇప్పుడు ఇరవై వేలు కావాలి. మనం ఏడుగురికి సాయం చేశామని రాసుకుంటున్నాం గానీ, ఏడుగురికీ సగం సగం సాయం చేశాం. వచ్చినవాళ్లు "ఇది చాలదండీ" అంటే కమిటీలో ఒకరు "ఎంతిచ్చినా తృప్తి ఉండదు వీళ్లకి" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. తృప్తి లేకపోవడం కాదది. వాళ్లకి లెక్క తెలిసింది, మనకి తెలియలేదు.

మరి అసలు సొమ్ము మాటేమిటి? పది లక్షలు ఇప్పటికీ పది లక్షలే. కానీ నిధి పెట్టిన రోజున పది లక్షలు చేసిన పని చేయాలంటే ఇవాళ ఇరవై లక్షలు కావాలి. మన దగ్గరున్నవి పది. సగం పోయింది. ఎవరూ దొంగిలించలేదు. ఆడిట్‌లో దొరకదు. పోయిందని చూపించే గడి మన జమాఖర్చుల పుస్తకంలో లేదు, అంతే.

ఆర్థికశాస్త్రంలో దీనికి రెండు పేర్లున్నాయి. బ్యాంకు రశీదు మీద రాసి ఉండే ఏడు శాతం నామమాత్రపు రాబడి. ధరల పెరుగుదల తీసేశాక మిగిలేది నిజ రాబడి. ఏడులోంచి ఆరు తీసేస్తే ఒకటి అని నోటి లెక్క వేస్తాం. సరిగ్గా చేయాలంటే భాగించాలి: 1.07 ÷ 1.06 = 1.0094. అంటే ఒక శాతం కూడా కాదు. ఈ భాగహారాన్ని ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికా ఆర్థికవేత్త పేరుతో పిలుస్తారు. అంకెలు చిన్నవైతే తీసివేతకీ భాగహారానికీ పెద్ద తేడా రాదు. ధరలు ఏటా ముప్ఫై, నలభై శాతం పెరిగే చోట మాత్రం తీసివేత బాగా తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు మీ సొంత డబ్బు సంగతికి వస్తాను. మా బావగారున్నారు. పది లక్షలు ఏడు శాతానికి వేసి, "ఏదో ధరలు ఆరు పెరుగుతాయంటావ్, నాకు ఏడొస్తోంది కదా, ఒక శాతం లాభమే కదయ్యా" అంటారు. ఈ వాదన నాతో ఎన్ని పండగలకి పెట్టుకున్నారో లెక్కలేదు. బావగారి లెక్కలో పన్ను లేదు. ఆయన మీద 20 శాతం పన్ను పడుతుందనుకోండి. 70,000 వడ్డీలో 14,000 పోయి 56,000 మిగులుతుంది. ఏడాది చివర చేతిలో 10,56,000. ఏడాది మొదట్లో పది లక్షలున్న వస్తువులు ఇప్పుడు 10,60,000. నాలుగు వేలు తక్కువ. వడ్డీలో ఒక్క రూపాయి కూడా వాడుకోకుండా, పూర్తిగా అట్టిపెట్టుకున్నా ఇదీ పరిస్థితి.

ఇక్కడ కాస్త ఆగి చూడండి, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ 70,000లో 60,000 లాభం కాదు. అసలు సొమ్ము అరిగిపోయిన మేరకు పూడ్చుకోవడం. నిజంగా సంపాదించింది పదివేలు. పన్ను ఎంత కట్టారు? పద్నాలుగు వేలు! పదివేల సంపాదన మీద పద్నాలుగు వేల పన్ను, అంటే 140 శాతం. ఇలా పన్ను వేస్తామని ఏ ప్రభుత్వమైనా చట్టంలో రాస్తే జనం ఊరుకుంటారా? రాయక్కర్లేదు. పన్ను మొత్తం వడ్డీ మీద వేస్తారు, పూడిక మీద కూడా వేస్తారు. మిగతాది ధరలే చూసుకుంటాయి. అందుకే 20 శాతం పన్ను కట్టేవాళ్లకి ఏడు శాతం డిపాజిట్ నిజానికి 5.6 శాతం డిపాజిట్. 30 శాతం కట్టేవాళ్లకి 4.9. ధరలు అంతకంటే వేగంగా పెరిగితే నష్టం మొదలైనట్టే.

వెనక వరసలోంచి ఎవరో అంటున్నారు, ఒకప్పుడు పన్నెండు శాతం ఇచ్చేవాళ్లు, ఆ రోజులే వేరు అని. అడిగినందుకు సంతోషం. పన్నెండు శాతం వడ్డీ వచ్చేటప్పుడు ధరలు ఎంత పెరుగుతున్నాయో కూడా గుర్తు తెచ్చుకోండి. పదకొండు అనుకుందాం. 20 శాతం పన్ను పోగా 9.6 మిగులుతుంది. ధరలు పదకొండు. ఏటా ఒక శాతం పైనే నష్టం. అదే నాలుగు శాతం వడ్డీ ఇచ్చే చోట ధరలు ఒక్క శాతమే పెరుగుతుంటే, పన్ను పోగా 3.2, అంటే రెండు శాతం పైనే నిజమైన లాభం. నాలుగు శాతం రశీదు చూసి ఏడ్చాం, పన్నెండు శాతం రశీదు చూసి మురిసిపోయాం. వడ్డీ, ధరలు రెండూ పెద్దవైన కొద్దీ పన్ను ఎక్కువగా పూడిక మీదే పడుతుంది కాబట్టి దెబ్బ కూడా పెద్దదవుతుంది.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన గొడవ అనుకోకండి. 1780లో అమెరికాలోని మసాచుసెట్స్ ప్రభుత్వం స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడుతున్న తన సైనికులకి జీతం బాకీ పడింది. కాగితం డబ్బు విలువ రోజురోజుకీ పడిపోతోంది. అప్పుపత్రాలిచ్చి, వాటి మీద ఒక షరతు ముద్రించారు. ఐదు బుషెళ్ల మొక్కజొన్న, 68 పౌన్ల పైచిల్లర గొడ్డుమాంసం, పది పౌన్ల గొర్రె ఉన్ని, పదహారు పౌన్ల చెప్పుల అట్టతోలు, ఇవన్నీ కలిపి ఎంతవుతాయో చూసి, ఆ ఖరీదు పెరిగితే సైనికుడికి చెల్లించేదీ ఆ మేరకు పెంచాలి. చూడండి, మాంసం లెక్కని పౌనులో ఏడింట నాలుగు వంతుల దాకా రాశారు! ఆ సైనికుడికి "నీకు రావలసిన అంకె చెక్కుచెదరలేదు" అని చెబితే ఒప్పుకునేవాడు కాదు. తిండీ బట్టా జోడూ వస్తాయా రావా అన్నదే అతని లెక్క. ఆ తర్వాత చాలాకాలానికి, 1981లో బ్రిటన్, 1997లో అమెరికా ధరల సూచీకి ముడిపెట్టిన బాండ్లు మొదలుపెట్టాయి. అయితే అమెరికా బాండ్లలో ధరల వల్ల పెరిగిన అసలు మీద కూడా ఆ ఏడాదే పన్ను వేస్తారు, డబ్బు చేతికి రాకముందే. పన్నువాడు అక్కడా వదల్లేదు.

సరే, సమయం అయిపోతోందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇంటికెళ్లి మీరే చేసుకోగలిగిన లెక్క చెబుతాను. వార్తల్లో వచ్చే ఈ నెల ద్రవ్యోల్బణం అంకె పట్టుకోకండి, అది గడిచిన పన్నెండు నెలలది. మీ డిపాజిట్ మూడేళ్లదైతే, వేసిన నెలలో వినియోగదారుల ధరల సూచీ ఎంత, తీసిన నెలలో ఎంత, ఈ రెండూ చూడండి. మొదట్లో 150, చివర్లో 180 అనుకోండి. ధరలు 20 శాతం పెరిగాయి. ఏడు శాతం చొప్పున మూడేళ్లకి చక్రవడ్డీతో 22.5 శాతం వచ్చింది, గెలిచామనిపిస్తుంది. పన్ను పోగా 5.6 చొప్పున చూస్తే 17.8 శాతమే. ఓడాం. ఇంకో సంగతి, ద్రవ్యోల్బణం ఆరు నుంచి మూడుకి తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు. మెల్లగా పెరుగుతున్నాయని. పెరిగిపోయింది పెరిగిపోయినట్టే ఉంటుంది. పైగా సూచీ అనేది సగటు కుటుంబం ఖర్చు. మందులకీ వైద్యానికీ ఎక్కువ పెట్టేవాళ్ల సొంత ద్రవ్యోల్బణం దానికంటే ఎక్కువ ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు. మీ ఖర్చుల చిట్టానే అది చెప్పాలి.

డిపాజిట్లు తీసేయమని నేను అనడం లేదు. రేపు అవసరమయ్యే డబ్బు అక్కడ ఉండాల్సిందే. బీరువాలో పెడితే ఏటా దాదాపు ఆరు శాతం విలువ పోతుంది. నేననేది ఒక్కటే. వడ్డీ మొత్తం ఖర్చు పెట్టి "అసలు ముట్టలేదు" అనకండి. ముట్టాం. ఏటా ముడుతున్నాం.

ఇక మన నిధి. ధరలు ఆరు శాతం పెరిగిన ఏడాది 70,000 వడ్డీలో 60,000 తిరిగి అసలులో కలిపితేనే నిధి నిలబడుతుంది. ఖర్చుకి మిగిలేది పదివేలు. "పదివేలతో ఎవరికి ఏం చేస్తాం?" అని కార్యదర్శిగారు అప్పుడే అంటున్నారు. న్యాయమైన ప్రశ్న. ఇవాళ సాయం కావలసినవాళ్లే ముఖ్యమని, నిధి కరిగిపోయినా సరేనని సభ నిర్ణయిస్తే నాకు అభ్యంతరం లేదు. అది తెలిసి చేసిన నిర్ణయం అవుతుంది. లేదా సభ్యత్వ చందాలోంచి ఏటా కొంత నిధిలో కలుపుదాం. ఏ దారైనా సరే, ముందు పుస్తకంలో కనిపించాలి.

కాబట్టి తీర్మానం ప్రతిపాదిస్తున్నాను, రాసుకోండి. వచ్చే ఏడాది నుంచి నివేదికలో నిధి మొత్తం పక్కన ఇంకో గడి పెట్టాలి. నిధి మొదలైన నెల సూచీని ఇప్పటి సూచీతో పోల్చి, మొదటి విలువ నిలవాలంటే ఇవాళ ఎంత ఉండాలో అందులో రాయాలి. రెండు అంకెలూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో. ప్రతిపాదించింది నేను. బలపరిచేవాళ్లు చేతులెత్తండి. కోశాధికారిగారూ, మీరే ముందు ఎత్తారే!