దసరా మరునాటి వాంతులు

సభాధ్యక్షులకు, కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురు గానీ, ముందు నన్ను మాట్లాడనివ్వండి. ఇవాళ నవంబర్ 14, మధుమేహ దినం. షుగర్ ఉన్నవాళ్లు కాళ్లను ఎట్లా కాపాడుకోవాలో చెప్పమని పిలిచారు. రాసుకొని కూడా వచ్చాను. కానీ ముందు వరసలో మా చెల్లె కూర్చుంది. ఆమెను చూశాక ఆ కాగితం తీయబుద్ధి కావడం లేదు.

హనుమకొండలో ముప్పై ఏళ్లు మెడికల్ షాపు నడిపినవాణ్ణి నేను. మా బావకు తొమ్మిదేళ్ల నుంచి షుగర్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మెట్‌ఫార్మిన్ 1000 గోలీ. ఆ యేడు దసరాకు పరకాల దగ్గర వాళ్ల ఊళ్లో దోస్తులతో రెండు రోజులు గట్టిగా తాగాడు. తిండి అంతంతే, గోలీలు మాత్రం తప్పలేదు. రెండో రోజు సాయంత్రం నీళ్ల విరేచనాలు మొదలైతే చెల్లె ఫోన్ చేసింది. మెట్రోనిడజోల్ 400 పంపించాను. తాగాడా అని అడగలేదు. మెట్‌ఫార్మిన్ ఆపమని చెప్పలేదు. రెండూ నా తప్పులే.

మెట్రోనిడజోల్ వేసుకొని మందు తాగితే కొందరికి మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులవుతాయి. అందరికీ కాదు. ఇది నిజంగా ఎంత తరచుగా జరుగుతుందనే దానిమీద డాక్టర్లలోనే వాదన ఉంది. అయినా ఆ కోర్సు నడిచినన్ని రోజులూ, అయిపోయాక ఇంకో మూడు రోజులూ తాగొద్దనే చెబుతారు. నేను షాపులో అందరికీ చెప్పిన మాటే అది. అందుకే రాత్రి పదింటికి చెల్లె మళ్లీ ఫోన్ చేసి "అన్నా, వాంతులు ఆగుతలేవు, మొన్నటి నుంచి తాగిండు" అంటే, నాకు తెలిసిన జబ్బే అనుకున్నాను. "ఏం కాదు, ఆ గోలీకి మందు పడలేదు, పొద్దటికల్లా తగ్గుతది" అన్నాను. మిషన్‌తో షుగర్ చూస్తే 118 వచ్చింది. ఇంకేం, అందరం పడుకున్నాం.

అమ్మా, ఆ 118 మమ్మల్ని మోసం చేసింది. ఇక్కడ పాడైంది చక్కెర కాదు. మన ఒళ్లు రోజంతా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూనే ఉంటుంది. లివర్ దాన్ని తీసుకొని మళ్లీ చక్కెరగా మారుస్తుంది. లివర్ చక్కెర తయారుచేయడాన్ని తగ్గించడమే మెట్‌ఫార్మిన్ పని. సారా కూడా అదే దారికి అడ్డం పడుతుంది. మామూలు రోజుల్లో ఒళ్లు సర్దుకుంటుంది. కానీ వాంతులు, విరేచనాలతో నీళ్లు పోయి కిడ్నీలు మందగిస్తే, మూత్రంలో బయటికి పోవాల్సిన మెట్‌ఫార్మిన్ లోపలే పేరుకుంటుంది. ఆమ్లం పోయే దారి ఉండదు. ఇది చాలా అరుదు. వస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

మరి రెండు వాంతులకూ తేడా ఎట్లా తెలియాలి? ఊపిరి చూడాలి. తెల్లవారి నాలుగింటికి నేను పోయేసరికి బావ పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా, వేగంగా గాలి తోడుతున్నాడు. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. ఆమ్లాన్ని వదిలించుకోవడానికి ఒళ్లు చేసే ప్రయత్నం అది. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, కడుపు నొప్పి అంటున్నాడు, మత్తుగా ఉన్నాడు. రాత్రి నుంచి మూత్రమే పోయలేదట. మెట్రోనిడజోల్ వాంతులైతే కొన్ని గంటల్లో తగ్గుముఖం పట్టాలి. ఇది గంట గంటకూ ముదిరింది.

ఆసుపత్రిలో డాక్టరు "మందు తీసుకున్నాడా?" అని అడిగాడు. "రోజూ తీసుకుంటడు సార్, షుగర్‌కు" అంది చెల్లె. నేను పక్కనుంచి "రెండు రోజులు తాగాడు సార్, మెట్‌ఫార్మిన్ కూడా వేసుకున్నాడు" అని చెప్పాకే రక్తంలో లాక్టేట్, అంటే ఆ లాక్టిక్ ఆమ్లం ఎంతుందో చూశారు. 2 లోపు ఉండాల్సింది 13 ఉంది. కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ కూడా బాగా పెరిగి 4.8 ఉంది. రెండుసార్లు డయాలసిస్ చేస్తే మూడో రోజు కళ్లు తెరిచాడు. డయాలసిస్ ఆ ఆమ్లాన్నీ, పేరుకున్న మెట్‌ఫార్మిన్‌నూ రెండింటినీ తీసేస్తుంది. కిడ్నీలు తర్వాత కోలుకున్నాయి.

మీరు తాగొద్దని చెప్పడానికి రాలేదు నేను. పండక్కి తాగేవాళ్లు తాగుతారు. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇది: వాంతులో విరేచనాలో పట్టుకొని, తిండీ నీళ్లూ లోపల నిలవని రోజున ఆ గోలీ ఆపండి. మళ్లీ మామూలుగా తిని ఒకటి రెండు రోజులయ్యాక మొదలుపెట్టండి. ఆపేది మెట్‌ఫార్మిన్‌నే, ఇన్సులిన్‌ను కాదు. ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో డాక్టరును అడగండి. ఊపిరి అట్లా మారితే తెల్లవారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. కిడ్నీ, లివర్ జబ్బు ముందే ఉన్నవాళ్లు అసలు ఈ గోలీ వేసుకోవచ్చో లేదో డాక్టరునే అడగాలి.

"నేను మెట్‌ఫార్మిన్ వేసుకోవడం లేదు సార్" అని చాలామంది అంటారు. మీ గోలీ పేరు వేరే ఉండొచ్చు, స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో గ్లిమెపిరైడ్ లాంటి ఇంకో షుగర్ మందు పక్కన మెట్‌ఫార్మిన్ ఉంటుంది. సంచుల్లో స్ట్రిప్పులు ఉన్నవాళ్లు బయటికి తీయండి. ఈ చివర నుంచి ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి చూస్తాను. కాళ్ల సంగతి ఇంకో రోజు చెప్పుకుందాం.