‘లెట్ అస్’ తర్వాత ‘షల్ వుయ్’నా, ‘విల్ యు’నా?

“సార్, ‘లెట్ అస్ గో’కి ఒక గైడులో ‘షల్ వుయ్’ అని, ఇంకో గైడులో ‘విల్ యు’ అని ఉంది. ఏది రైటు? ‘ఐ యామ్’కి ‘ఆరంట్ ఐ’ ఎలా వస్తుంది? ‘హి హార్డ్లీ టాక్స్’కి ‘డజంట్ హి’ అని రాస్తే నాకు మార్కు ఎందుకు పోయింది?”

నమస్కారం. మీరడిగినవన్నీ క్వశ్చన్ ట్యాగ్‌ల గురించి, అంటే వాక్యం చివర మన ‘కదా?’ లాగా తగిలించే చిన్న ప్రశ్నల గురించి. ‘లెట్ అస్ గో’ విషయంలో గైడులు రెండూ రైటే. పైకి ఒకేలా కనబడే ఆ మాటల్లో నిజానికి రెండు వాక్యాలున్నాయి. వాటిని విడదీయడం తెలుగువాళ్లకి మిగతా చాలామంది కంటే తేలిక. మనకి ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ‘వుయ్’ ఒక్కటే.

మీరూ మీ ఫ్రెండూ హాస్టల్ గదిలో కూర్చున్నారు. టీ తాగి వద్దామని మీకనిపించి ‘లెట్ అస్ గో’ అన్నారు. అంటే ‘మనం వెళ్దాం’ అని. వినేవాడు కూడా ఆ ‘మనం’లో ఉన్నాడు, కాబట్టి అడగాల్సింది ఇద్దరి గురించి: ‘వెళ్దామా?’ అదే ‘షల్ వుయ్?’.

ఇద్దరూ గేటు దగ్గరికి వచ్చారు, వాచ్‌మన్ ఆపాడు. ఇప్పుడు ఆయనతో కూడా ‘లెట్ అస్ గో’ అంటారు. కానీ ఇక్కడ అర్థం ‘మమ్మల్ని వెళ్లనివ్వండి’. వాచ్‌మన్ మీతో టీకి రావడం లేదు. ఆ ‘అస్’లో ఆయన లేడు. ఆయన చేయాల్సిన పని గేటు తీయడం. అడగాల్సింది ఆయన్ని కాబట్టి ‘విల్ యు?’ వస్తుంది.

పలకడంలోనూ తేడా తెలుస్తుంది. ‘వెళ్దాం’ అనే అర్థంలో అయితే మాట్లాడేటప్పుడు దాదాపు ఎప్పుడూ ‘లెట్స్’ అని కుదించేస్తారు. అనుమతి అడిగేటప్పుడు కుదించరు, ‘లెట్ అస్’ అని విడిగానే పలుకుతారు. పరీక్షలో వినే అవకాశం ఉండదు కదా, అందుకని ‘లెట్’ తీసేసి ‘అలో’ పెట్టి చూడండి. ‘ప్లీజ్ లెట్ అస్ యూజ్ యువర్ ఫోన్’లో ‘అలో’ చక్కగా అతుకుతుంది, కాబట్టి ‘విల్ యు’. ‘లెట్ అస్ ప్లే క్రికెట్’ అని ఒంటరిగా ఇస్తే, ఎవరి అనుమతీ అడుగుతున్న సూచన లేదు కాబట్టి ‘షల్ వుయ్’ రాయండి. నా ఉద్దేశంలో సందర్భం చెప్పకుండా ‘లెట్ అస్ గో’ అని మాత్రమే ఇచ్చి ఖాళీ నింపమనడం మంచి ప్రశ్న కాదు. అయినా ఇస్తే మాత్రం ‘షల్ వుయ్’ వైపే వెళ్లండి.

‘లెట్స్ నాట్ వేస్ట్ టైమ్’ అన్నా ట్యాగ్ ‘షల్ వుయ్’ గానే ఉంటుంది. ‘నాట్’ వచ్చింది కదా అని తిప్పడానికి ఏమీ లేదు. ‘లెట్ హిమ్ ఇన్’ లాంటి వాక్యాల్లో అడిగేది ఎదుటివాళ్లనే, కాబట్టి ‘విల్ యు’.

ఇంపరేటివ్స్ అంటే ‘చెయ్యి’, ‘చెయ్యొద్దు’ అని చెప్పే వాక్యాలు కూడా ఈ దారిలోనే నడుస్తాయి. వాక్యం పాజిటివ్ అయితే ట్యాగ్‌ని నెగటివ్‌గా, వాక్యం నెగటివ్ అయితే ట్యాగ్‌ని పాజిటివ్‌గా తిప్పే సూత్రం సమాచారం చెప్పే వాక్యాలకి పుట్టింది. ‘తలుపు వేయి’ అన్నదాంట్లో నిజమో అబద్ధమో తేల్చాల్సిన సమాచారం లేదు. నువ్వు చేస్తావా అని అడగడమే ఉంది. అందుకే ‘క్లోజ్ ద డోర్, విల్ యు?’. ఇంటికొచ్చిన వాళ్లని ఆదరంగా పిలిచేటప్పుడు ‘సిట్ డౌన్, వోంట్ యు?’ అంటారు. విసుగు వచ్చినప్పుడు ‘బి క్వయట్, కాంట్ యు?’ అంటారు. ‘విల్ యు’ గొంతు దించి గట్టిగా అంటే ఆజ్ఞలా వినబడుతుంది, కాబట్టి ఆఫీసులో పై అధికారితో ‘కుడ్ యు’ వాడటం మేలు. ‘డోంట్’తో మొదలైన వాక్యానికి మాత్రం ఇన్ని రకాలు లేవు: ‘డోంట్ బి లేట్, విల్ యు?’ అంతే. చాలామంది ఇక్కడ ‘డు యు’ రాస్తారు, అది తప్పు.

ఇక ‘ఐ యామ్ లేట్, ఆరంట్ ఐ?’. ‘యామ్ నాట్’ని కుదిస్తే ‘యామంట్’ రావాలి. స్కాట్లండ్‌లో, ఐర్లండ్‌లో ఇప్పటికీ ‘యామంట్ ఐ’ అంటారు. ఇంగ్లండ్‌లో మాత్రం ‘మ’, ‘న’ పక్కపక్కనే పలకడం కష్టమై ‘మ’ జారిపోయింది, ముందున్న అచ్చు సాగి ‘ఆంట్’ అయింది. దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణలో హల్లు ముందు ‘ర్’ వినబడదు, కాబట్టి అక్కడ ‘ఆరంట్’ కూడా ‘ఆంట్’ లాగే ఉంటుంది. చెవికి రెండూ ఒకటే కావడంతో రాతలో ‘ఆరంట్’ స్పెల్లింగే నిలిచింది. ‘యామ్ ఐ నాట్’ తప్పు కాదు, కాకపోతే బాగా గంభీరంగా ఉంటుంది. ‘ఐ యామ్ నాట్ లేట్’ అంటే ఏ ఇబ్బందీ లేదు: ‘యామ్ ఐ?’. ఈ ‘ఆరంట్ ఐ’ అనేది ‘ఐ యామ్’కి మాత్రమే. ‘ఐ వాజ్’కి ‘వాజంట్ ఐ’ మామూలుగానే వస్తుంది.

మార్కు పోయిన ‘హార్డ్లీ’ దగ్గరికి వద్దాం. వాక్యంలో ‘నాట్’ కనబడకపోతే పాజిటివ్ అనుకోవడం వల్ల వచ్చే చిక్కిది. ‘హార్డ్లీ’, ‘సెల్డమ్’, ‘రేర్లీ’, ‘నెవర్’, ‘నోబడీ’, ‘నథింగ్’ ఉన్న వాక్యాలు నెగటివ్‌వే, వాటికి ట్యాగ్ పాజిటివ్‌గా ఉంటుంది. ‘హి హార్డ్లీ టాక్స్, డజ్ హి?’ ‘నోబడీ కేమ్, డిడ్ దే?’ అలాగే ‘ఫ్యూ’ నెగటివ్, ‘ఎ ఫ్యూ’ పాజిటివ్. ‘ఫ్యూ పీపుల్ నో హిమ్’కి ‘డు దే’, ‘ఎ ఫ్యూ పీపుల్ నో హిమ్’కి ‘డోంట్ దే’.

దీనికి ఎదురు తప్పు ఇంకోటి ఉంది. అర్థంలో వ్యతిరేకత ఉన్నంత మాత్రాన వాక్యం నెగటివ్ అయిపోదు. ‘హి డిస్‌లైక్స్ కాఫీ’, ‘షి ఈజ్ అన్‌హ్యాపీ’ రెండూ పాజిటివ్ వాక్యాలే: ‘డజంట్ హి?’, ‘ఈజంట్ షి?’.

అనుమానం వస్తే వాక్యం వెనక ‘నేను కూడా’ అని చేర్చి చూడండి. ‘హి హార్డ్లీ టాక్స్’ తర్వాత ‘నైదర్ డు ఐ’ అనాలి, కాబట్టి అది నెగటివ్. ‘హి డిస్‌లైక్స్ కాఫీ’ తర్వాత ‘సో డు ఐ’ అనాలి, కాబట్టి పాజిటివ్. పదాల జాబితా బట్టీ పట్టడం కంటే ఈ పరీక్ష నాకు నచ్చుతుంది, జాబితాలో లేని పదం వచ్చినా పని చేస్తుంది.

‘ఐ డోంట్ థింక్ హి విల్ కమ్’ మాత్రం కొంచెం జాగ్రత్తగా చూడాలి. ‘డు ఐ’ అని రాయబోతారు. కానీ మనం ఎదుటివాళ్లని అడిగేది మన ఆలోచన గురించి కాదు, అతను వస్తాడా రాడా అని. ‘డోంట్’ ముందుకొచ్చి కూర్చున్నా దాని నెగటివ్ అర్థం ‘విల్ కమ్’కే చెందుతుంది. అందుకే ‘విల్ హి?’.

ట్యాగ్ సరిగ్గా పెట్టేవాళ్లు కూడా జవాబు దగ్గర తడబడతారు. ‘యు హావంట్ ఈటెన్, హావ్ యు?’ అని మిమ్మల్ని అడిగారు, మీరు తినలేదు. ‘అవును, తినలేదు’ అనుకుని ‘యెస్’ అనేస్తాం. తెలుగులో అడిగినవాళ్ల మాటతో ఏకీభవిస్తే ‘అవును’. ఇంగ్లీషులో అడిగినవాళ్లతో పని లేదు, జరిగిందా లేదా అన్నదే చూస్తారు. తినలేదు కాబట్టి ‘నో, ఐ హావంట్’. తిని ఉంటే ‘యెస్, ఐ హావ్’. ఇంటర్వ్యూలో ‘యు డోంట్ హావ్ ఎనీ ఎక్స్‌పీరియన్స్, డు యు?’ అన్నప్పుడు అనుభవం లేనివాళ్లు ‘యెస్’ అంటే, ఉందని చెప్పినట్టు వాళ్లకి వినబడుతుంది. ‘నో, ఐ డోంట్’ అని పూర్తిగా చెప్పండి.