ఆసుపత్రి బిల్లుకు అప్పు: పర్సనల్ లోనా, గోల్డ్ లోనా?

(తెరపై: ఆసుపత్రి బిల్లు, రూ. 2,00,000)

చిత్తూరు నుంచి వేలూరు తీసుకెళ్లినా, తిరుపతిలోనే చేర్పించినా, డిశ్చార్జి రోజు కౌంటర్‌లో రెండు లక్షలు కట్టాలి. ఏడాదిలో తీర్చేయగలం. జీతం మీద పర్సనల్ లోన్ తీసుకుందామా, ఇంట్లో నగలు కుదువ పెడదామా?

పర్సనల్ లోన్ 15 శాతానికి, అంటే నూటికి రూపాయి పావలా వడ్డీకి వచ్చిందనుకుందాం. పన్నెండు నెలలకు ఈఎంఐ సుమారు 18,050 రూపాయలు. ఏడాదికి వడ్డీ 16,600 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమైతే, దాని మీద జీఎస్టీతో కలిపి 4,720. ఈ ఫీజు సాధారణంగా ముందే పట్టుకుంటారు కాబట్టి ఖాతాలో పడేది 1,95,280 మాత్రమే. బిల్లుకు ఇంకా ఐదు వేలు తక్కువ! అడిగేటప్పుడే కాస్త ఎక్కువ అడగండి. మొత్తం ఖర్చు సుమారు 21,340.

(తెరపై: గోల్డ్ లోన్, 10 శాతం)

గోల్డ్ లోన్ పది శాతానికి వచ్చింది. అసలూ వడ్డీ అన్నీ ఏడాది చివర ఒకేసారి కడితే వడ్డీ 20,000. చూశారా, పదిహేను శాతం అప్పుకూ దీనికీ తేడా వెయ్యి పైచిలుకే! ఎందుకంటే ఈఎంఐలో అసలు నెలనెలా తరుగుతుంది. ఇక్కడ రెండు లక్షలకూ పన్నెండు నెలలూ వడ్డీ నడుస్తుంది.

అదే గోల్డ్ లోన్‌కు నెలకు 17,600 చొప్పున కట్టుకుంటూ పోండి. మొదటి నెల వడ్డీకి పోయేది 1,667. మిగతా పదహారు వేలకు దగ్గరగా అసలులో తగ్గుతుంది. ఏడాదికి వడ్డీ 11,000 దగ్గర ఆగుతుంది. అందుకే సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడగండి: "మధ్యలో కడితే అసలుకు జమ చేస్తారా? ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుందా?" కుదరదంటే ఈఎంఐ పద్ధతిలో గోల్డ్ లోన్ ఇచ్చే చోటు చూసుకోండి.

(తెరపై: తూకం మీద నెక్లెస్)

ఎంత బంగారం కావాలి? రెండున్నర లక్షల లోపు అప్పుకు ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. ఏడాది చివర ఒకేసారి కట్టే అప్పయితే వడ్డీ కూడా కలిపి, అంటే 2,20,000 మీద లెక్కేస్తారు. గ్రాము పది వేలనుకుంటే 26 గ్రాములు ఉండాలి. ఇది 22 క్యారెట్ల నికర బరువు. రాళ్లు, లక్క తీసేస్తారు కాబట్టి ముప్పై గ్రాముల రాళ్ల నెక్లెస్ కూడా చాలకపోవచ్చు. తూకం మీ ఎదుటే వేయించి, మొత్తం బరువు, నికర బరువు, స్వచ్ఛత రాసిన కాగితం తీసుకోండి.

నెలనెలా పక్కన పెట్టడం కష్టమైన ఇంట్లో మాత్రం పర్సనల్ లోనే మేలు. ఈఎంఐ ఖాతా నుంచి దానంతటదే పోతుంది. గోల్డ్ లోన్‌లో గడువు రోజున రెండు లక్షల ఇరవై వేలు చేతిలో లేక, వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. నగ మరో ఏడాది లాకర్‌లోనే ఉంటుంది. వడ్డీ కూడా కట్టకపోతే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం.