మూడో వరుసలో మసకబారిన మేనత్తలు

నేను: నమస్కారం అండీ. ఈసారి రికార్డింగ్ విజయవాడలో మా ఇంట్లో కాదు, గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయ్ స్టూడియోలో. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంటుంది. ఆపితే ఇద్దరం ఉడికిపోతాం, కాబట్టి కాస్త సర్దుకోండి. బాబాయ్ ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తున్నాడు. నేనేమో పోయిన నెల ఒకే ఒక్క పెళ్లి ఫోటో తీసి, తిట్లు తిని, ఇక్కడికి వచ్చాను.

బాబాయ్: తిట్టింది నేను కాదమ్మా. మా అక్క.

నేను: అవును, మా పెద్దత్త. భవానీపురంలో ఒక కల్యాణ మండపం. మా వాళ్లందరినీ మూడు వరుసలుగా నిలబెట్టి గ్రూప్ ఫోటో తీశాను. ముందు కుర్చీల్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, అమ్మానాన్నలు. వాళ్ల వెనక ఒక వరుస నిలబడ్డారు. ఆ వెనక బెంచీ ఎక్కి మేనత్తలు. కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్ మీద బ్రహ్మాండంగా కనబడింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ముందు వరుస అద్దంలా ఉంది, వెనక వాళ్ల ముఖాలు పాలమీగడ పూసినట్టున్నాయి.

బాబాయ్: నాకు పంపావుగా, చూశాను. మొదట చెయ్యి కదిలిందేమో అనుకున్నా. పెద్దది చేసి చూస్తే పెళ్లికొడుకు మెడలో దండ ఉంది చూడు, అందులో మల్లెమొగ్గలు లెక్కపెట్టొచ్చు. చెయ్యి కదిలితే ఫోటో మొత్తం ఒకే వైపుకి గీతలు సాగినట్టు వస్తుంది, దండని మాత్రం వదిలిపెట్టదు. ఎక్కడో ఒకచోట పదునుగా ఉండి, ముందుకో వెనక్కో పోయేకొద్దీ కరిగిపోతుంటే అది అపర్చర్ వ్యవహారం. ఇంతకీ ఎంతలో తీశావు?

నేను: ఎఫ్ 1.8. లెన్స్ మీద అదే రాసుంది కదా, డబ్బులు పెట్టి కొన్నది అందుకే కదా అని.

బాబాయ్: (నవ్వు) అందరూ అదే అంటారు. సరే, ఆ లెన్స్ ఇలా ఇవ్వు. దీని లోపలికి చూడు. సన్నటి రేకులు కనబడుతున్నాయా? ఇందులో ఏడు ఉన్నాయి. మనం వాటిని బ్లేడ్లు అంటాం. అవి ఒకదాని మీదకి ఒకటి జరిగి మధ్యలో రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేస్తాయి. ఆ రంధ్రమే అపర్చర్.

నేను: అక్కడే నాకు ఎప్పుడూ తికమక. నంబరు పెద్దదైతే రంధ్రం చిన్నదవడం ఏంటి?

బాబాయ్: పెసరట్టుని ఎనిమిది ముక్కలు చేస్తే ముక్క పెద్దదా, రెండు ముక్కలు చేస్తే పెద్దదా? ఇదీ అంతే. ఇది 50 మిల్లీమీటర్ల లెన్స్. ఎఫ్ 8 అంటే ఆ యాభైలో ఎనిమిదో వంతు. ఆరుంపావు మిల్లీమీటర్ల వెడల్పు, కొంచెం పెద్ద శనగ గింజంత. ఎఫ్ 2 అంటే యాభైలో సగం, 25 మిల్లీమీటర్లు. నువ్వు పెట్టిన 1.8 అయితే దాదాపు 28. రూపాయి బిళ్ల కన్నా పెద్దది.

నేను: మరి రంధ్రం చిన్నది చేస్తే ఫోటో అంచులు తెగిపోవా? కిటికీ చిన్నదైతే బయట తక్కువ కనబడుతుంది కదా.

బాబాయ్: మంచి ప్రశ్నే. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు కూడా అడగరు. పెద్దత్త నుదుటి బొట్టు తీసుకో. ఆ బొట్టు నుంచి బయల్దేరిన వెలుగు లెన్స్‌లో ఒక్కచోట పడదు, లెన్స్ ముఖమంతా పడుతుంది. పక్కన ఉన్న చిన్నత్త బొట్టు వెలుగూ అంతే, ముఖమంతా పడుతుంది. అంటే లెన్స్‌లోని ప్రతి చిన్న ముక్కకీ మొత్తం దృశ్యం అందుతోంది. అందుకని రంధ్రం ఎంత తగ్గించినా బొమ్మ మొత్తం ఉంటుంది. ఒక్కో బొట్టు నుంచి వచ్చే వెలుగు మాత్రం తగ్గుతుంది. అందుకే ఫోటో చీకటవుతుంది, కత్తిరించినట్టు కాదు.

నేను: చీకటవడం అర్థమైంది. మరి పదును ఎందుకు పెరుగుతుంది?

బాబాయ్: గరాటు ఊహించుకో. బొట్టు నుంచి లెన్స్ నిండా పడిన వెలుగుని లెన్స్ వంచి గరాటులా ఒక మొనకి తెస్తుంది. ఆ మొన సరిగ్గా కెమెరా లోపల బొమ్మని పట్టే సెన్సర్ మీద పడితే చుక్క చుక్కలాగే వస్తుంది. నువ్వు ఫోకస్ పెట్టింది ముందు వరుస మీద. వాళ్ల మొనలు సెన్సర్ మీదే పడ్డాయి. వెనక నిలబడ్డ అత్తది ఇంకా దూరం కాబట్టి ఆమె మొన సెన్సర్‌కి కాస్త ముందే కలిసిపోయి, మళ్లీ విచ్చుకుంటూ వెళ్లి సెన్సర్ మీద గుండ్రటి మరకలా పడింది. బొట్టు ఒక్కటే కాదు, కళ్లూ ముక్కూ అన్నీ అలా మరకలై ఒకదాని మీద ఒకటి పడితే మసకే కదా.

నేను: రంధ్రం చిన్నదైతే గరాటు సన్నబడుతుంది!

బాబాయ్: అదే. మొన ముందే కలిసినా, సన్న గరాటు విచ్చుకునేది కొంచెమే. మరక చిన్నదవుతుంది. మన కంటికి మరక అని తెలియనంత చిన్నదైతే దాన్ని పదును అంటాం, అంతే. ఉండు, చూపిస్తా. ఆ శుభలేఖ ఇలా అందుకో. నా కళ్లజోడు తీసేస్తున్నా. ఇప్పుడు ఇందులో ముహూర్తం చదవమంటే నాకు చీమలు పాకినట్టుంది. దీనికి ఒక అట్టముక్క... పిన్నీసుతో పొడిచాను. ఈ బెజ్జం కంటికి ఆనించి చూస్తే... "రాత్రి 9 గంటల 42 నిమిషాలకు". చదివానా?

నేను: అబ్బ! ఏదీ, నేనూ చూస్తా. నాకు దూరం కనబడదు కదా, కళ్లజోడు తీసి... ఎదురు షాపు బోర్డు కనబడుతోంది బాబాయ్! కానీ బాగా డల్‌గా ఉంది.

బాబాయ్: ఆ డల్‌గా ఉండటమే మనం కట్టే మూల్యం. ఈ రెండూ కలిసే వస్తాయి. ఒకటి తీసుకుని రెండోది వద్దంటే కుదరదు.

నేను: సరే, నా ఫోటో సంగతికి వద్దాం. నీ పాత ఫుల్ ఫ్రేమ్ కెమెరా, ఈ 50 లెన్స్, ముందు వరుస నాకు 4 మీటర్ల దూరంలో ఉంది.

బాబాయ్: ఎఫ్ 1.8లో, 4 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే పదునుగా ఉండేది వెనక్కి సుమారు 38 సెంటీమీటర్లు, ముందుకి 32. నీ రెండో వరుస కుర్చీల వెనక, అంటే ఓ 70 సెంటీమీటర్లు. మూడోది 1.3 మీటర్లు. మరి మీగడ పూసుకోకుండా ఎలా ఉంటారు?

నేను: అయితే ఎఫ్ 11, 16 పెట్టేసి ఉండాల్సింది.

బాబాయ్: తొందరపడకు. ముందు ఫోకస్ చోటు మార్చు. పెళ్లికూతురు కంటి మీద కాకుండా రెండో వరుసలో మధ్య మనిషి మీద పెట్టు. పదును ఆ మనిషికి ముందూ వెనకా రెండు వైపులా ఉంటుంది. నువ్వు ముందున్న భాగాన్ని ఖాళీ నేల మీద వృథా చేశావు. రెండో వరుస నీకు 4.7 మీటర్లు. అక్కడ ఫోకస్ పెట్టి ఎఫ్ 4లో తీస్తే, సుమారు 3.8 నుంచి 6 మీటర్ల దాకా పదునుగా వస్తుంది. నీ మూడు వరుసలూ 4 నుంచి 5.3 మధ్యలోనే ఉన్నాయి.

నేను: ఎఫ్ 4 చాలా! నేనింకా ఎంతో అనుకున్నా.

బాబాయ్: మామూలు ఆల్బమ్ సైజుకి చాలు. ఈ లెక్కలన్నీ ఫోటో ఎంత పెద్దగా చూస్తాం అన్నదాని మీద ఉంటాయి. గోడకి పెద్ద ఫ్రేమ్ కట్టిస్తారని తెలిస్తే నేను 5.6 పెడతా. అప్పుడు అంచు వరుసలకి కాస్త ఎక్కువ చోటు ఉంటుంది.

నేను: మరి వెలుతురు? నా సెట్టింగ్ షట్టర్ సెకనులో 1/200 వంతు, ఐఎస్ఓ 800.

బాబాయ్: లెన్స్ మీద నంబర్లు చూడు. 2, 2.8, 4, 5.6, 8. ఒక్కో మెట్టు ఎక్కితే వెలుగు సగం అవుతుంది. వెడల్పు సగమైతే వెలుగు నాలుగో వంతవుతుంది, ఎందుకంటే వెలుగు వచ్చేది రంధ్రం వైశాల్యం నుంచి. అందుకే 2 తర్వాత నేరుగా 4 రాకుండా మధ్యలో 2.8 ఉంది. నువ్వు 1.8 నుంచి 4కి వస్తే వెలుగు సుమారు అయిదో వంతుకి పడిపోతుంది. షట్టర్ 1/100 చేస్తే అందులో రెండు రెట్లు తిరిగొస్తుంది. అందరూ కదలకుండా కెమెరా వైపే చూస్తున్నారు, ఫర్వాలేదు. మిగతా రెండున్నర రెట్లకి ఐఎస్ఓ 2000, అంటే అందిన వెలుగునే కెమెరా పెంచి చూపిస్తుంది. కొంచెం గ్రెయిన్ వస్తుంది, ఇసక చల్లినట్టు. రానీ. గ్రెయిన్ ఉందని ఏ అత్తా అలగదు, ముఖం కనబడకపోతే అలుగుతుంది.

నేను: ఇంకోటి. తీసేటప్పుడు వ్యూఫైండర్‌లో ఎఫ్ 8 పెట్టినా 1.8 పెట్టినా ఒకేలా కనబడుతోంది.

బాబాయ్: ఆ పాత కెమెరాలో అంతే. ఫోకస్‌కి వెలుగు కావాలని రంధ్రాన్ని పూర్తిగా తెరిచే ఉంచుతుంది. బటన్ నొక్కిన ఆ క్షణంలోనే రేకులు మూసుకుంటాయి. లెన్స్ పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి పట్టుకుంటే ముందే మూసి చూపిస్తుంది. చీకటవుతుంది, భయపడకు. దానికన్నా తీశాక వెనక వరుసలో ఒక కన్నుని స్క్రీన్ మీద పెద్దది చేసి చూడు. అందరూ స్టేజీ దిగకముందే.

నేను: ఫోన్‌లో కూడా ఎఫ్ 1.8 అనే ఉంటుంది. అందులో తీసిన గ్రూప్ ఫోటోలో అందరూ బాగానే వచ్చారు, అదింకా మంట.

బాబాయ్: ఫోన్ లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ ఆరేడు మిల్లీమీటర్లు. దానిని 1.8తో భాగిస్తే రంధ్రం మూడు, నాలుగు మిల్లీమీటర్లే. గరాటే సన్నం. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక మసక చేసేది సాఫ్ట్‌వేర్. జడ పక్కన గాల్లో లేచిన వెంట్రుకల దగ్గర చూడు, దొరికిపోతుంది.

నేను: అయితే ఎక్కువ మూస్తే నష్టమేంటి, వెలుతురు తప్ప?

బాబాయ్: మొన్న ప్రకాశం బ్యారేజీ రాత్రి ఫోటో తీశాను, సీతానగరం వైపు నుంచి, ట్రైపాడ్ మీద. ట్రైపాడ్ ఉంటే వెలుతురుతో పేచీ లేదు, షట్టర్ ఎన్ని సెకన్లైనా తెరిచి ఉంచుకోవచ్చు. ఎఫ్ 16లో దీపాలు నక్షత్రాల్లా వచ్చాయి. చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి పక్కకి చిమ్ముతుంది, రేకుల వల్ల ఆ చిమ్మడం కిరణాలుగా కనబడుతుంది. ఏడు రేకులు కాబట్టి పద్నాలుగు కిరణాలు. ఎనిమిది రేకుల లెన్స్ అయితే ఎనిమిదే, ఎదురెదురు కిరణాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అందంగానే ఉంది కదా అని ఎఫ్ 22 పెట్టా. అదే వంగడం ప్రతి చుక్కకీ జరుగుతుంది కదా. ఫోకస్ ఎంత కరెక్టుగా ఉన్నా ఒక్కో చుక్కా దాదాపు 0.03 మిల్లీమీటర్ల మరక అయిపోయింది. ఇందాక నీ మూడు వరుసల లెక్కలో 'ఇంతకన్నా పెద్దదైతే మసక' అని నేను పెట్టుకున్న హద్దు కూడా అదే. గేట్ల మధ్య స్తంభాల అంచులు 8లో తీసిన ఫోటోలో గీసినట్టున్నాయి, 22లో మెత్తబడ్డాయి.

నేను: పెద్దత్త మళ్లీ ఫోటో అడుగుతోంది, వచ్చే నెల తెనాలిలో గృహప్రవేశానికి.

బాబాయ్: అందరినీ దగ్గరదగ్గరగా నిలబెట్టు, వరుసల మధ్య ఖాళీ తగ్గించు. బెంచీ లేకుండా మెట్లుంటే చూడు. ఎఫ్ 5.6, ఫోకస్ రెండో వరుస మీద. అక్కని మాత్రం ముందు కుర్చీలోనే కూర్చోబెట్టు, నా మాట విను.