ఎంగెల్ డేటాలో హెటెరోస్కెడాస్టిసిటీ: స్టాండర్డ్ ఎర్రర్ 0.014 నుంచి 0.06 దాటి ఎందుకు పోయింది?

[తెర: అడ్డంగా ఆదాయం, నిలువుగా ఆహార ఖర్చు, 235 చుక్కలు]

తెర మీద కనిపిస్తున్న 235 చుక్కల్లో ఒక్కొక్కటీ పంతొమ్మిదో శతాబ్దపు బెల్జియంలోని ఒక శ్రామిక కుటుంబం. అడ్డగీత మీద ఆ కుటుంబపు వార్షికాదాయం, నిలువుగీత మీద తిండికి పెట్టిన ఖర్చు ఉన్నాయి. రెండూ బెల్జియన్ ఫ్రాంకుల్లోనే. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని 1857లో చెప్పిన జర్మన్ గణాంకవేత్త ఎర్నస్ట్ ఎంగెల్ పేరు మీదే ఈ డేటా నేటికీ వాడుకలో ఉంది. 1982లో రోజర్ కోయెంకర్, గిల్బర్ట్ బాసెట్ తమ వ్యాసంలో దీన్ని ఉపయోగించారు. ఇప్పుడు పైథాన్‌లోని స్టాట్స్‌మోడల్స్‌లో ఒక్క ఆదేశంతో తెరుచుకుంటుంది.

[తెర: చుక్కల మధ్య రిగ్రెషన్ గీత]

లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో గీత గీస్తే ఇంటర్‌సెప్ట్ 147.48, వాలు 0.485 వస్తాయి. అంటే ఆదాయం ఒక ఫ్రాంకు ఎక్కువైన చోట తిండి ఖర్చు సగటున దాదాపు 0.49 ఫ్రాంకు ఎక్కువగా ఉంటుందన్నమాట. ఈ వాలుకు సాఫ్ట్‌వేర్ మామూలుగా చూపే స్టాండర్డ్ ఎర్రర్ 0.0144, దాన్ని బట్టి 95 శాతం విశ్వాస అంతరం 0.457 నుంచి 0.513 వరకు. చూడడానికి ఎంతో కచ్చితంగా ఉన్న ఈ అంతరాన్ని నమ్మవచ్చా అన్నదే ఈ వీడియోలో మనం తేల్చుకోవలసిన విషయం.

[తెర: రెసిడ్యువల్స్ పటం, అడ్డంగా ఆదాయం]

ముందు రెసిడ్యువల్స్ చూద్దాం. రెసిడ్యువల్ అంటే కుటుంబం నిజంగా పెట్టిన ఖర్చులోంచి గీత అంచనా వేసిన ఖర్చు తీసేయగా మిగిలినది. ఆదాయం తక్కువగా ఉన్న ఎడమ వైపు చుక్కలు సున్నా గీతను అంటిపెట్టుకుని ఉన్నాయి; కుడికి వెళ్లేకొద్దీ పైకీ కిందికీ విసనకర్రలా విచ్చుకున్నాయి. పేద కుటుంబానికి తిండి మానుకునే వీలూ లేదు, అదనంగా ఖర్చు పెట్టే స్తోమతా లేదు కాబట్టి ఖర్చు ఒక ఇరుకు పరిధిలోనే ఉంటుంది. కాస్త ఉన్న కుటుంబానికి మాత్రం ఆ డబ్బుతో ఏం చేయాలో నిర్ణయించుకునే అవకాశం ఉంటుంది, ఆ నిర్ణయాలు ఇంటింటికీ మారతాయి. రెసిడ్యువల్స్ వెనక ఉన్న ఎర్రర్ వేరియన్స్ ఇలా ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉండడాన్నే హెటెరోస్కెడాస్టిసిటీ అంటారు.

కంటికి కనిపించినది యాదృచ్ఛికం కాదని తేల్చడానికి ట్రెవర్ బ్రూష్, ఏడ్రియన్ పేగన్ 1979లో ఒక పరీక్ష ప్రతిపాదించారు. దాని తర్కం చాలా సూటిగా ఉంటుంది. వేరియన్స్ అన్ని చోట్లా ఒకటే అయితే, రెసిడ్యువల్ వర్గం ఎంత ఉంటుందో ఆదాయాన్ని చూసి చెప్పడం సాధ్యం కాకూడదు. కాబట్టి రెసిడ్యువల్స్‌ను వర్గం చేసి, ఆ వర్గాలనే ఆధారిత చరరాశిగా తీసుకుని, ఆదాయం మీద రెండోసారి రిగ్రెషన్ నడపాలి. ఈ రెండో రిగ్రెషన్ R² సున్నాకు దగ్గరగా ఉంటే వేరియన్స్ ఆదాయంతో మారుతున్న జాడ లేదని, గణనీయంగా ఉంటే ఉందని అర్థం.

[తెర: LM = n · R²]

కుటుంబాల సంఖ్యను ఆ R²తో గుణిస్తే వచ్చే LM విలువను, వివరణాత్మక చరరాశి ఒక్కటే కాబట్టి, ఒక డిగ్రీ స్వేచ్ఛ గల కై-స్క్వేర్ పంపిణీతో పోల్చాలి. 5 శాతం స్థాయిలో హద్దు 3.84. మన డేటాలో LM విలువ ఈ హద్దును పది రెట్లకు పైగా దాటిపోతుంది కాబట్టి వేరియన్స్ ఒకేలా ఉందన్న పరికల్పనను తోసిపుచ్చక తప్పదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్రూష్, పేగన్ ఇచ్చిన మొదటి రూపం ఎర్రర్లు నార్మల్ పంపిణీని అనుసరిస్తాయన్న ఊహ మీద నిలబడింది. పంపిణీ తోకలు బరువుగా ఉంటే, వేరియన్స్ నిజంగా ఒకేలా ఉన్నా ఆ పరీక్ష ఉండవలసిన దానికంటే ఎక్కువసార్లు తోసిపుచ్చేస్తుంది. మనం చూసిన n·R² రూపం కోయెంకర్ 1981లో ఆ ఊహ అవసరం లేకుండా సవరించినది. ఆర్‌లోని `bptest` మామూలుగా ఈ సవరించిన రూపాన్నే ఇస్తుంది. స్టాటాలోని `estat hettest` మాత్రం, `iid` అని ప్రత్యేకంగా అడిగితే తప్ప, పాత రూపాన్నే ఇస్తుంది. ఒకే డేటా మీద ఇద్దరికి రెండు వేర్వేరు విలువలు వచ్చాయంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ఈ పరీక్షకు కనపడని సంగతి కూడా ఒకటి ఉంది. వేరియన్స్ రెండు చివర్లా ఎక్కువగా, మధ్యలో తక్కువగా ఉందనుకోండి. అప్పుడు రెసిడ్యువల్ వర్గాలకూ ఆదాయానికీ మధ్య సరళరేఖా సంబంధం ఉండకపోవచ్చు, పరీక్ష ఏమీ పట్టుకోకపోవచ్చు. రెండో రిగ్రెషన్‌లో ఆదాయపు వర్గాన్ని కూడా చేర్చితే అది వైట్ పరీక్ష అవుతుంది, అలాంటి ఆకారాలు దొరుకుతాయి.

[తెర: చెదురుపటం మళ్లీ, కుడి చివరి చుక్క ఎర్రగా]

వేరియన్స్ ఒకేలా లేదని తేలింది. దాని వల్ల వాలు తప్పయిపోదు. సగటు సంబంధం నిజంగా సరళరేఖే అయితే 0.485 ఇప్పటికీ పక్షపాతం లేని అంచనాయే. చెడిపోయేది స్టాండర్డ్ ఎర్రర్. మామూలు సూత్రం 235 రెసిడ్యువల్స్ నుంచి 114.1 ఫ్రాంకులన్న ఒకే ఒక్క వ్యాప్తిని లెక్కకట్టి, దాన్ని అందరికీ సమానంగా వర్తింపజేస్తుంది. ఆదాయాల విచలన వర్గాల మొత్తం సుమారు 6.309 కోట్లు, దాని వర్గమూలం 7,943. 114.1ని 7,943తో భాగిస్తే ఆ 0.0144 వస్తుంది. కానీ వాలును నిర్ణయించడంలో సగటుకు దూరంగా ఉన్న కుటుంబాలదే పెద్ద పాత్ర, మన డేటాలో ఎక్కువ చెదిరేవీ ఎక్కువ ఆదాయపు కుటుంబాలే. ప్రభావం ఎక్కువ ఉన్న చోటే అనిశ్చితి కూడా ఎక్కువ ఉన్నప్పుడు సగటు వ్యాప్తితో సరిపెట్టడం వల్ల స్టాండర్డ్ ఎర్రర్ తక్కువగా కనబడుతుంది. చెదరడం మధ్యలో ఎక్కువగా ఉంటే ఇదే సూత్రం ఎక్కువ చేసి చూపుతుంది కాబట్టి, హెటెరోస్కెడాస్టిసిటీ ఉంటే స్టాండర్డ్ ఎర్రర్ ఎప్పుడూ తక్కువగా వస్తుందనడం సరికాదు.

హాల్బర్ట్ వైట్ 1980లో ఆర్థికశాస్త్రానికి పరిచయం చేసిన సవరణ, అంతకుముందే ఐకర్, హ్యూబర్ గణితంలో చూపిన దారిదే. ఒకే వ్యాప్తికి బదులు ప్రతి కుటుంబానికీ దాని సొంత రెసిడ్యువల్ వర్గాన్నే వాడమంటుంది.

[తెర: Var(b) = Σ (xᵢ − x̄)² eᵢ² / [Σ (xᵢ − x̄)²]²]

ఎర్ర చుక్క వద్ద ఈ సూత్రాన్ని చేతితో వేసి చూద్దాం. ఈ కుటుంబపు ఆదాయం 4,957.8 ఫ్రాంకులు, అంటే 982.5 సగటు కంటే 3,975 ఎక్కువ. తిండికి పెట్టింది 1,827.2 కాగా గీత అంచనా వేసింది సుమారు 2,553, రెసిడ్యువల్ −725.7. స్టాండర్డ్ ఎర్రర్ అంటే ఈ వేరియన్స్‌కు వర్గమూలం కాబట్టి, విచలనాన్ని రెసిడ్యువల్‌తో గుణించి 6.309 కోట్లతో భాగిస్తే, గుర్తును పక్కన పెడితే, 0.0457 వస్తుంది. మిగిలిన 234 కుటుంబాలు ఏమీ చేర్చకపోయినా స్టాండర్డ్ ఎర్రర్ ఈ ఒక్క ఇంటి వల్లనే మామూలు విలువకు మూడు రెట్లు దాటింది. అందరివీ కలిపితే సుమారు 0.05 అవుతుంది. దీనికే HC0 అని పేరు; ఈ తరహా స్టాండర్డ్ ఎర్రర్లన్నిటినీ కలిపి రోబస్ట్ అంటారు.

HC0లో ఒక లోపం ఉంది, అది సరిగ్గా ఇలాంటి చుక్క దగ్గరే బయటపడుతుంది. దూరంగా ఉన్న చుక్క గీతను తన వైపుకు లాక్కుంటుంది కాబట్టి దాని రెసిడ్యువల్ అసలు ఎర్రర్ కంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఎంత లాగుతోందో చెప్పేది లెవరేజ్, అంటే h. ఈ కుటుంబానికి h దాదాపు 0.255, 235 కుటుంబాల సగటు లెవరేజ్ 0.0085 మాత్రమే. 1985లో మెకినన్, వైట్ పోల్చి చూసిన సవరణల్లో HC1 అంతటినీ 235/233తో గుణిస్తుంది. ఇక్కడ దానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాదు. HC3 మాత్రం ప్రతి రెసిడ్యువల్‌నూ దాని సొంత 1 − hతో భాగిస్తుంది. −725.7ను 0.745తో భాగిస్తే −974 వస్తుంది. ఈ కుటుంబాన్ని పక్కన పెట్టి మిగతా 234తో గీత గీస్తే దీనికి వచ్చే అంచనా తప్పు కూడా సరిగ్గా అంతే. ఇక్కడ దీని ఒక్కదాని వాటాయే 0.061 అవుతుంది కాబట్టి HC3 స్టాండర్డ్ ఎర్రర్ 0.06 దాటుతుంది, విశ్వాస అంతరం 0.485కు అటూ ఇటూ 0.12కు పైగా విస్తరిస్తుంది.

[తెర: కోడ్]

```python
import statsmodels.api as sm
from statsmodels.stats.diagnostic import het_breuschpagan

d = sm.datasets.engel.load_pandas().data
X = sm.add_constant(d["income"])
ols = sm.OLS(d["foodexp"], X)

m = ols.fit()
lm, p, _, _ = het_breuschpagan(m.resid, X)
print(lm, p, m.bse["income"])

for c in ["HC0", "HC1", "HC3"]:
    r = ols.fit(cov_type=c, use_t=True)
    print(c, r.bse["income"])
```

పరీక్షకు ఇవ్వవలసినవి రెసిడ్యువల్సే. వర్గం చేయడం ఆ ఫంక్షనే చూసుకుంటుంది. ముందే వర్గం చేసి ఇస్తే నాలుగో ఘాతం మీద పరీక్ష జరిగిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. `use_t=True` వదిలేస్తే స్టాట్స్‌మోడల్స్ t పంపిణీకి బదులు నార్మల్ పంపిణీని వాడుతుంది; 235 కుటుంబాలకు తేడా స్వల్పమే కానీ ముప్పై వరసల డేటాకు అలా కాదు.

[తెర: ఎర్ర చుక్క లేకుండా గీత]

HC3 వేరియన్స్‌లో సింహభాగం ఒకే కుటుంబం నుంచి వస్తోందంటే, రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్ వేసేసి చేతులు దులుపుకోకూడదు. ఆ చుక్క లేకుండా గీస్తే వాలు 0.485 నుంచి సుమారు 0.547కు పెరుగుతుంది; మామూలు విశ్వాస అంతరానికి ఇది పూర్తిగా బయట ఉంది, HC3 అంతరంలో మాత్రం ఇమిడిపోతుంది. విసనకర్ర ఆకారం ఈ చుక్క సృష్టించినదా అంటే, కాదు. సగటుకు బదులు ఖర్చుల్లో ఎంచుకున్న శాతపు స్థాయికి గీత గీసే, ఒంటరి చుక్కలకు అంతగా లొంగని క్వాంటైల్ రిగ్రెషన్‌లో కూడా 10వ శాతపు గీత వాలు 0.40, 90వ శాతపు గీత వాలు 0.69గా వస్తాయి, రెండు గీతలూ కుడికి పోయేకొద్దీ దూరమవుతాయి.

ఆ చుక్క ఇంత కిందికి పడడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. ఎంగెల్ చెప్పినట్లు ఆదాయం పెరిగేకొద్దీ తిండి వాటా తగ్గుతున్నప్పుడు, అంత దూరంలో అసలు సంబంధం వంగుతూ ఉంటే, ఆ రెసిడ్యువల్‌లో కొంత భాగం సరళరేఖ చేసిన తప్పే అవుతుంది. ఆ తప్పును HC3 సరిదిద్దదు. అది ఉన్న గీత చుట్టూ అనిశ్చితిని కొలుస్తుంది కానీ గీతను మార్చదు. రెండు వైపులా లాగరిథమ్ తీసుకుని మళ్లీ గీసి, రెసిడ్యువల్స్ పటాన్ని మరోసారి చూడడం ఇక్కడ చేయవలసిన పని.

చివరగా నా అభిప్రాయం ఒకటి చెబుతాను. బ్రూష్-పేగన్ p-విలువ 0.05 దాటిందా లేదా అన్నదాన్ని బట్టి మామూలు స్టాండర్డ్ ఎర్రర్ వేయాలా, రోబస్ట్ వేయాలా అని నిర్ణయించడం మంచి పద్ధతి కాదు. చిన్న నమూనాలో పరీక్షకు పట్టుకునే శక్తి తక్కువ, రోబస్ట్ అంచనా ఎక్కువగా అవసరమయ్యేదీ అక్కడే. సర్వే డేటా అయితే మొదటి నుంచీ HC3 వేసి, పరీక్షను వేరియన్స్ ఎక్కడ, ఎలా మారుతోందో తెలుసుకోవడానికి ఉంచుకోవాలి. ఫలితాల పట్టిక కింద కేవలం రోబస్ట్ అని రాయకుండా ఏ రకమో కూడా రాయాలి, ఎందుకంటే స్టాటాలో `robust` అంటే HC1, ఆర్‌లోని `vcovHC` మామూలుగా ఇచ్చేది HC3.