ఆరుద్ర, రిగెల్ ఎంత వేడి? రంగుతో ఉష్ణోగ్రత కట్టే పద్ధతిపై రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో రివ్యూకు తీసుకున్నది భౌతికశాస్త్రం చదివిన వారందరికీ పరిచయమైన ఒక పద్ధతి. నక్షత్రాన్ని కృష్ణ వస్తువుగా, అంటే కేవలం తన ఉష్ణోగ్రతను బట్టే కాంతిని వెదజల్లే ఆదర్శ వస్తువుగా భావించి, దాని కాంతి ఏ తరంగదైర్ఘ్యం దగ్గర శిఖరానికి చేరుతుందో చూసి, వీన్ స్థానభ్రంశ నియమంతో ఉపరితల ఉష్ణోగ్రత చెప్పేస్తారు. పరీక్షలో రెండు మార్కుల లెక్కగా ఇది సులువుగానే ముగుస్తుంది. ఆకాశంలోని నిజమైన నక్షత్రం మీద ప్రయోగించినప్పుడు ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇప్పుడు మనం పరిశీలించబోయే ప్రశ్న.

పరిశీలనకు రెండు నక్షత్రాలను ఎంచుకున్నాను. జనవరి రాత్రుల్లో హైదరాబాద్‌లో ఏ డాబా మీద నిలబడినా ఓరియన్ మండలం నడినెత్తికి దగ్గరగా వస్తుంది. అందులో ఎర్రగా కనిపించేది మన పంచాంగంలోని ఆరుద్ర. దానికి ఎదురు మూలలో నీలిఛాయతో తెల్లగా మెరిసేది రిగెల్. రెండూ ఎత్తులోనే ఉంటాయి కనుక నగరం మీది పొగ, ధూళి వాటి రంగును మరీ ఎక్కువగా మార్చవు. అదే అగస్త్య నక్షత్రాన్ని ఎంచుకుంటే ఈ సౌకర్యం ఉండదు. హైదరాబాద్ నుంచి అది దక్షిణ దిగంతానికి ఇరవై డిగ్రీలకు మించి పైకి రాదు. అంత కిందికి చూసినప్పుడు కాంతి గాలిలో చాలా దూరం ప్రయాణించాలి. ఆ దారిలో నీలం ఎక్కువగా చెదిరిపోయి నక్షత్రం ఉన్నదానికంటే ఎర్రగా కనిపిస్తుంది.

ముందుగా నియమాన్ని చూద్దాం. విల్హెల్మ్ వీన్ 1893లో చూపిన సంబంధం స్క్రీన్ మీద ఉంది.

```
λmax × T = 2898
```

తరంగదైర్ఘ్యం మైక్రోమీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్లలో. సూర్యుడి ఉపరితల ఉష్ణోగ్రత 5,772 కెల్విన్లు. దానితో భాగిస్తే శిఖరం 502 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ ప్రాంతంలో పడుతుంది. సూర్యుడు మాత్రం ఆకుపచ్చగా కనిపించడు. శిఖరం చాలా వెడల్పైనది. దానికి రెండు వైపులా నీలం, ఎరుపు కూడా పుష్కలంగా ఉంటాయి, కన్ను వాటన్నిటినీ కలిపి తెలుపుగా గ్రహిస్తుంది. కాబట్టి శిఖరం పడిన చోటి రంగే నక్షత్రం రంగు అని చెప్పే పాఠాలను నమ్మవద్దని నా మనవి.

ఇప్పుడు మన రెండు నక్షత్రాలకు వద్దాం. ఆరుద్ర ఉష్ణోగ్రతను సుమారు 3,600 కెల్విన్లుగా, రిగెల్‌ది సుమారు 12,000 కెల్విన్లుగా ఖగోళ శాస్త్రజ్ఞులు అంగీకరిస్తారు. ఆ విలువలను నియమంలో పెడితే ఆరుద్ర శిఖరం 805 నానోమీటర్ల దగ్గర, పరారుణ ప్రాంతంలో ఉంటుంది. రిగెల్ శిఖరం 240 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహితంలో ఉంటుంది. మన కన్ను ఈ రెండింటినీ చూడలేదు. సాధారణ కెమెరాలో పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉంటుంది కనుక మొదటిది దానికి అందదు. రెండోదాన్ని భూవాతావరణంలోని ఓజోన్ పొర నేలకే చేరనివ్వదు. అంటే డాబా మీద ఉన్న మనిషి శిఖరాన్ని కొలిచి ఈ రెండింటిలో ఏ ఒక్కదాని ఉష్ణోగ్రతనూ చెప్పలేడు. పాఠ్యపుస్తకాల లెక్కలో ఈ సంగతి కనిపించకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

అయినా రంగు మన కంటికి స్పష్టంగానే తెలుస్తోంది కదా. శిఖరం కనిపించకపోయినా, దాని పక్కనున్న వాలు కనిపిస్తుంది. ఆరుద్ర విషయంలో మనం శిఖరానికి నీలం వైపున్న వాలును చూస్తున్నాం. అక్కడ నీలానికి వెళ్ళే కొద్దీ కాంతి వేగంగా పడిపోతుంది. రిగెల్ విషయంలో శిఖరం దాటి ఎరుపు వైపు దిగే వాలును చూస్తున్నాం. ఆ వాలు ఎంత నిటారుగా ఉందో తెలియాలంటే రెండు చోట్ల కాంతిని కొలిచి నిష్పత్తి తీసుకుంటే చాలు. ఖగోళ శాస్త్రంలో అందుకు సుమారు 440 నానోమీటర్ల దగ్గరి నీలం ఫిల్టర్‌ను, 550 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ ఫిల్టర్‌ను వాడతారు. ఆ రెండు ప్రకాశాల తేడాను నక్షత్రాల ప్రకాశానికి కొలమానమైన మాగ్నిట్యూడ్లలో చెబితే దాన్నే వర్ణ సూచిక అంటారు. సూచిక పెద్దదైతే నక్షత్రం ఎర్రనిది, చిన్నదైతే నీలమైనది.

ఈ ఆలోచనకు మొదటి రూపం ఫోటో ప్లేట్ల కాలంలో వచ్చింది. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం తీసిన ప్లేట్ల వంటివి ప్రధానంగా నీలం కాంతికే స్పందించేవి. అందుచేత ఎర్రని నక్షత్రం కంటికి కనిపించిన దానికంటే ప్లేటు మీద మసకగా పడేది. కంటి లెక్కకూ ప్లేటు లెక్కకూ మధ్య వచ్చే ఆ తేడాయే తొలి వర్ణ సూచిక.

ఇక లెక్క. సూర్యుడి సూచిక 0.65, ఆరుద్రది 1.85. తేడా 1.20 మాగ్నిట్యూడ్లు, అంటే సుమారు మూడు రెట్లు. సూర్యుడిని పరిపూర్ణ కృష్ణ వస్తువుగా తీసుకుంటే, కృష్ణ వస్తువు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి ఇస్తుందో చెప్పే ప్లాంక్ సూత్రం ప్రకారం దానిలో నీలం, ఆకుపచ్చల నిష్పత్తి 0.98 వస్తుంది. ఆరుద్రలో అది మూడో వంతు, అంటే దాదాపు 0.32. చల్లని నక్షత్రాలకు ప్లాంక్ సూత్రాన్ని ఇలా కుదించి రాసుకోవచ్చు. ఇందులో R అంటే ఆ నిష్పత్తి.

```
T = 6540 / ln(3.05 / R)
```

విలువలు వేస్తే సుమారు 2,900 కెల్విన్లు వస్తుంది. అంగీకరించిన విలువ 3,600. ఏకంగా 700 కెల్విన్లు తక్కువ.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడమే ఈ రివ్యూలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. నక్షత్రం పూర్తి కృష్ణ వస్తువు కాదు. దాని వాతావరణంలోని లోహాల పరమాణువులు నీలం ప్రాంతంలో వేల సంఖ్యలో శోషణ రేఖలు గీస్తాయి, చల్లని నక్షత్రాల్లో ఈ శోషణ మరీ దట్టంగా ఉంటుంది. దానికి తోడు ఆరుద్ర చుట్టూ అది స్వయంగా వెదజల్లిన ధూళి ఉంది. 2019 చివర, 2020 మొదట్లో అది బాగా మసకబారినప్పుడు ఆ ధూళి గురించి ప్రపంచమంతా చర్చించింది. ధూళి నీలాన్ని ఎక్కువగా ఆపుతుంది. ఈ రెండు కారణాల వల్ల నీలం తగ్గింది. మన సూత్రానికి కారణం తెలియదు కనుక ఆ తగ్గుదలనంతా చల్లదనంగానే లెక్కగట్టింది.

రిగెల్ దగ్గర ఇంకో రకమైన ప్రమాదం ఉంది. దాని సూచిక దాదాపు −0.03. సూర్యుడితో పోలిస్తే నీలం నిష్పత్తి 1.87 రెట్లు, అంటే 1.83. ఇందాకటి చిన్న సూత్రంలో ఈ విలువ వేస్తే సుమారు 12,800 కెల్విన్లు వస్తుంది. అంగీకరించిన 12,000కి ఇంత దగ్గరగా వచ్చిందని సంతోషించే వారికి ఒక హెచ్చరిక. ఆ చిన్న సూత్రం వేడి నక్షత్రాలకు వర్తించదు, ఎందుకంటే కుదించేటప్పుడు ప్లాంక్ సూత్రంలోని ‘మైనస్ ఒకటి’ని వదిలేశాం. దాన్ని తిరిగి చేర్చి పూర్తి సూత్రంతో సాధిస్తే 14,800 కెల్విన్ల దాకా వెళ్తుంది. పోలికకు వాడిన సూర్యుడిలో కూడా లోహరేఖలు నీలాన్ని కొంత తినేస్తాయి. రిగెల్‌లో అవి చాలా తక్కువ. అందువల్ల రిగెల్ నీలం నిజానికంటే గొప్పగా తోచి ఉష్ణోగ్రత పెరిగిపోయింది. చిన్న సూత్రం ఇచ్చిన మంచి జవాబు రెండు తప్పులు ఒకదానినొకటి దాదాపు కొట్టేసుకోవడం వల్ల వచ్చినది. అటువంటి జవాబును నేను ఒప్పుగా లెక్కించను.

వేడి నక్షత్రాలకు ఇంకొక సహజమైన అడ్డంకి ఉంది, దాన్ని ఏ జాగ్రత్తా తొలగించలేదు. కృష్ణ వస్తువు ఉష్ణోగ్రత 3,500 నుంచి రెట్టింపై 7,000 కెల్విన్లకు వెళ్తే నీలం, ఆకుపచ్చల నిష్పత్తి 0.47 నుంచి 1.18కి, అంటే రెండున్నర రెట్లు పెరుగుతుంది. అదే 12,000 నుంచి 24,000కు వెళ్తే 1.68 నుంచి 2.07కి మాత్రమే చేరుతుంది. ఉష్ణోగ్రత ఎంత పెరిగినా అది 2.44ను దాటదు. అందుచేత కొలతలో 0.03 మాగ్నిట్యూడ్ తేడా వస్తే ఆరుద్ర జవాబు 35 కెల్విన్లు మాత్రమే కదులుతుంది. రిగెల్ జవాబు వెయ్యికి పైగా కదులుతుంది. రిగెల్ వంటి నక్షత్రాలకు వర్ణపటంలోని హీలియం, సిలికాన్ రేఖల బలాన్ని చూసి ఉష్ణోగ్రత నిర్ణయించడానికి కారణం ఇదే.

సొంత కెమెరాతో ప్రయత్నించే వారికి ఒకటి రెండు సూచనలు. ఫోటోలను రా ఫార్మాట్‌లోనే తీయాలి. జేపెగ్‌లో కెమెరా తనకు నచ్చినట్టు రంగులను సరిదిద్దేస్తుంది. నక్షత్రం మధ్య భాగం తెల్లగా నిండిపోతే నిష్పత్తి అబద్ధమవుతుంది కనుక ఫోకస్‌ను కొద్దిగా చెదరగొట్టి, ఎక్స్‌పోజర్ తగ్గించాలి. మీ కెమెరా నీలం, ఆకుపచ్చలు ఖగోళ ఫిల్టర్లతో సరిగ్గా సరిపోవు కాబట్టి సూచిక తెలిసిన కొన్ని నక్షత్రాలను అదే ఎత్తులో ఉన్నప్పుడు తీసి, వాటితో పోల్చాలి.

మరి అంగీకరించిన ఉష్ణోగ్రతలు ఎలా తెలిశాయని మీరు అడగవచ్చు. 1920 డిసెంబరులో మైకెల్సన్, పీజ్ అనే ఇద్దరు మౌంట్ విల్సన్‌లోని వంద అంగుళాల టెలిస్కోపుకు ఇంటర్‌ఫెరోమీటర్ అమర్చి ఆరుద్ర కోణీయ వ్యాసాన్ని కొలిచారు. అది ఒక డిగ్రీలో 3,600వ వంతైన ఆర్క్ సెకనులో 0.047 వంతు. నక్షత్రం పళ్ళెం ఎంత వెడల్పో, దాని నుంచి అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిపి మనకు ఎంత శక్తి చేరుతోందో తెలిస్తే, ఒక చదరపు మీటరు ఉపరితలం ఎంత శక్తి వెదజల్లుతోందో లెక్కించవచ్చు. స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ నియమం దాన్ని నేరుగా ఉష్ణోగ్రతగా మారుస్తుంది. ఇందులో శిఖరం అవసరం లేదు, రంగు అవసరం లేదు. మధ్యలో ధూళి ఆపిన కాంతిని మాత్రం లెక్కగట్టి తిరిగి కలపాలి. ఈ విధంగా ఉష్ణోగ్రత తెలిసిన నక్షత్రాల పక్కన వాటి వర్ణ సూచికలను పేర్చి తయారు చేసిన పట్టికలోనే మీ నక్షత్రాన్ని వెతకండి. ప్లాంక్ సూత్రంలో నేరుగా వేసే దానికంటే ఈ దారిలో వచ్చే జవాబుకే నా ఓటు.